పదో తారీఖు రాత్రా, పదకొండు తెల్లవారుజామా?

ఇంగ్లిష్ ఎమ్మే చేసిన పాపానికి మా చుట్టాల్లో ఎవరికి ఏ లెటర్ కావాలన్నా నా వాట్సాప్‌కే వస్తుంది. బ్యాంకు వాళ్లకి కంప్లయింటూ నాకే, కాలేజీకి టీసీ అప్లికేషనూ నాకే. ఈ ఏడాది వచ్చిన వాటిలో ఎక్కువసేపు కూర్చోబెట్టింది మాత్రం ఒంగోలు పిన్ని పంపిన వీసా కవర్ లెటర్. "ఇంగ్లిష్ తప్పులుంటే దిద్దిపెట్టమ్మా, రేపు పొద్దున ప్రింట్ తీయించాలి" అని కింద ఒక వాయిస్ మెసేజ్.

విషయం చిన్నదే. పిన్ని మున్సిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. కూతురు, అంటే నా చెల్లి, 2022లో చదువుకోడానికి మ్యూనిక్ వెళ్లి అక్కడే ఉద్యోగంలో చేరింది. ఇంతవరకూ అమ్మ అక్కడికి వెళ్లింది లేదు, కూతురు ఇక్కడికి వచ్చింది లేదు. మేలో మూడు వారాలు వెళ్లి కూతురి దగ్గర ఉండి, మధ్యలో నాలుగు రాత్రులు ప్యారిస్ చూసి వచ్చేయాలని ప్లాన్. ప్యారిస్‌కి వేరే వీసా అక్కర్లేదు. షెంగెన్ వీసా ఒకటి ఉంటే రెండు దేశాలకీ సరిపోతుంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి అప్లై చేయాలి కాబట్టి జర్మనీకి.

లెటర్ సగం పిన్ని రాసింది, సగం ఊళ్లో ట్రావెల్స్ ఆయన ఇచ్చిన నమూనా. చదివితే ఇంగ్లిష్ తప్పులు చాలానే ఉన్నాయి. అయితే అవన్నీ ఒక లెక్కలోవి కావు. కొన్ని తప్పులు ఉంటే చదివేవాళ్లు నవ్వుకుని ముందుకెళ్తారు. కొన్ని ఉంటే ఆగిపోతారు. ఆగిపోయే చోట్లు ఏవో పట్టుకోవడమే అసలు దిద్దడం.

మొదటి రకానికి ఉదాహరణ: "ఐ యామ్ వర్కింగ్ ఇన్ మున్సిపల్ ఆఫీస్ సిన్స్ 2001". మనకి "2001 నుంచి పని చేస్తున్నాను" అనేది సహజం కదా, దాన్నే అలా దించేశాం. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్" అనాలి. దిద్దాను. దిద్దకపోయినా కొంపేం మునగదు. ఆమెకి ఉద్యోగం ఉందనీ, 2001 నుంచి చేస్తోందనీ ఎవరికైనా అర్థమవుతుంది.

రెండో రకానికి ఉదాహరణ చూడండి. "ఐ విల్ లీవ్ మై జాబ్ ఫ్రమ్ 10 మే". పిన్ని ఉద్దేశం మే 10 నుంచి ఉద్యోగానికి లీవ్ పెడతానని. కానీ ఆ వాక్యానికి అర్థం, మే 10 నుంచి ఉద్యోగం మానేస్తానని! తిరిగి వస్తుందా రాదా అని చూసే మనిషి ముందు ఇంతకంటే ప్రమాదమైన వాక్యం ఇంకోటి ఉండదు. దాని స్థానంలో, "మే 10 నుంచి జూన్ 5 వరకు నాకు సెలవు మంజూరైంది, జూన్ 6న విధుల్లో చేరతాను" అనే అర్థం వచ్చేలా రాశాను. పక్కన సెలవు మంజూరు ప్రొసీడింగ్స్ కాపీ జత.

ఇంకోచోట "మై డాటర్ కాల్డ్ మీ టు జర్మనీ" అని ఉంది. కూతురు రమ్మని పిలిచిందని. ఇంగ్లిష్‌లో అది ఫోన్ చేసిందన్నట్టు వినిపిస్తుంది. "ఇన్వైటెడ్" అంటే సరిపోతుంది, పైగా జతచేసిన ఇన్విటేషన్ లెటర్‌తో కూడా మాట కలుస్తుంది.

కాలాల దగ్గర అసలు చిక్కు మన భాషలోనే ఉంది. "వెళ్తాను" అన్న ఒక్క మాట మనకి రెండు పనులు చేస్తుంది. "రోజూ ఆఫీసుకి వెళ్తాను" అన్నా అదే, "మేలో జర్మనీ వెళ్తాను" అన్నా అదే. అందుకే పిన్ని లెటర్‌లో "ఐ విజిట్ ప్యారిస్" అని ఉంది. వెళ్తుంటుందా, వెళ్లబోతోందా? హోటల్ గురించి ఒక పేరాలో "వి విల్ బుక్" అనీ, జతచేసిన కాగితాల లిస్టులో హోటల్ బుకింగ్ కాపీ అనీ ఉంది. బుక్ చేశారా, చేయబోతున్నారా?

నేను చేసిన పని చాలా సింపుల్. లెటర్‌లోని ప్రతి వాక్యాన్నీ మూడు గుంపుల్లో ఒకదాన్లో పడేశాను. అయిపోయినవి: టికెట్ రిజర్వేషన్, హోటల్ బుకింగ్, ఇన్సూరెన్స్ కొనడం, సెలవు మంజూరు. ఇవన్నీ భూతకాలంలో ఉండాలి, ప్రతిదానికీ వెనక ఒక కాగితం ఉండాలి. ఇప్పుడు ఉన్నవి: ఉద్యోగం, సొంత ఇల్లు, ఇంట్లో బాబాయి, 84 ఏళ్ల అత్తగారు. ఇవి వర్తమానం. జరగబోయేవి: ప్రయాణం, ప్యారిస్, తిరిగి రావడం. ఇవి భవిష్యత్తు. ఏ గుంపులోనూ పడని వాక్యం ఏదైనా మిగిలితే అది లెటర్‌కి అక్కర్లేని వాక్యమే.

ట్రావెల్స్ ఆయన నమూనాలో చివరి వాక్యం "ఐ వుడ్ రిటర్న్ టు ఇండియా". మర్యాదగా ఉంటుందని "వుడ్" వాడేస్తుంటాం. కానీ "వుడ్" వెనక ఎప్పుడూ ఒక "అయితే" దాక్కుని ఉంటుంది. కుదిరితే వస్తానన్నట్టు. "ఐ విల్ రిటర్న్ ఆన్ 2 జూన్" అంటే అందులో సందేహానికి చోటు లేదు. ఒక్క అక్షరం మర్యాద తగ్గినా ఫర్వాలేదు.

ఇక తేదీలు. రాత్రి పదకొండింటి వరకూ నన్ను కూర్చోబెట్టినవి ఇవే.

లెటర్ మొదటి పేరాలో ప్రయాణం మే 10 నుంచి జూన్ 3. మూడో పేరాలో "20 రోజులు". అప్లికేషన్ ఫారంలో చేరే తేదీ మే 10, వదిలే తేదీ జూన్ 3. చెల్లి పంపిన ఇన్విటేషన్‌లో మే 11 నుంచి జూన్ 2. ఇన్సూరెన్స్‌లో మే 11 నుంచి మే 31. ప్యారిస్ హోటల్ బుకింగ్ 22 నుంచి 26, లెటర్‌లో మాత్రం 22 నుంచి 25.

పిన్నికి ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వసలు ఏ తారీఖున బయల్దేరుతున్నావు?" అని అడిగా.

"పదో తారీఖు రాత్రి. టికెట్ మీద ఉందిగా."

టికెట్ మీద ఉన్నది 11. హైదరాబాద్ నుంచి విమానం రాత్రి ఒకటిన్నర దాటాక. యూరప్ వెళ్లే ఫ్లైట్లు మనకి చాలావరకు ఇలాంటి వేళల్లోనే ఉంటాయి. మనకేమో రోజు తెల్లారితేనే మొదలు. అర్ధరాత్రి దాటినా, ఇంకా నిద్రపోలేదు కాబట్టి అది పదో తారీఖు రాత్రే. విమానాల వాళ్లకి పన్నెండు కొట్టగానే తారీఖు మారిపోతుంది. ఇందులో పిన్ని తప్పేం లేదు, రెండు లెక్కలూ వేర్వేరు. వీసాకి పనికొచ్చేది మాత్రం రెండోదే.

ఇంకో మెలిక కూడా ఉంది. ఫారంలో అడిగేది హైదరాబాద్‌లో ఎప్పుడు ఎక్కుతారని కాదు. షెంగెన్ ప్రాంతంలోకి ఎప్పుడు అడుగుపెడతారు, అక్కడి నుంచి ఎప్పుడు బయటపడతారు అని. పిన్ని 11 తెల్లవారుజామున ఎక్కి అదే రోజు పొద్దున జర్మనీలో దిగుతుంది. జూన్ 2 సాయంత్రం అక్కడ ఎక్కి 3న తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగుతుంది. కాబట్టి ఫారంలో చేరే తేదీ మే 11, వదిలే తేదీ జూన్ 2. మే 10 గానీ జూన్ 3 గానీ అక్కడ కనిపించకూడదు. అవి పిన్ని సూట్‌కేసు సర్దుకునే రోజు, ఇంటికొచ్చి పడుకునే రోజు. అక్కడున్న చెల్లి మాత్రం మొదటి నుంచీ సరిగ్గానే రాసింది. ఎందుకంటే ఆమె లెక్క అమ్మ వచ్చేరోజు, అమ్మ వెళ్లిపోయేరోజు.

రోజులు ఎన్ని అనేది తర్వాతి ప్రశ్న. షెంగెన్ లెక్కలో దిగిన రోజూ ఒక రోజే, ఎక్కిన రోజూ ఒక రోజే. మే 11 నుంచి 31 వరకు 21, జూన్ 1, 2 కలిపితే 23. రాత్రులు లెక్కేసి సరిచూసుకోవచ్చు. మ్యూనిక్‌లో మే 11 నుంచి 22 వరకు 11 రాత్రులు, ప్యారిస్‌లో 26 వరకు 4, మళ్లీ మ్యూనిక్‌లో జూన్ 2 వరకు 7. మొత్తం 22 రాత్రులు, దానికి ఒకటి కలిపితే 23 రోజులు. రెండు వైపుల నుంచీ ఒకే సంఖ్య వస్తే లెక్క కుదిరినట్టే. అప్పుడు లెటర్‌లోని "20 రోజులు", "మూడు వారాలు" రెండూ కొట్టేసి, అన్నిచోట్లా 23 అని రాశాను.

ఇన్సూరెన్స్ సంగతి ఇక్కడే బయటపడింది. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఉండాలి, అది అక్కడ ఉండే మొత్తం రోజులకీ ఉండాలి. ట్రావెల్స్ ఆయన "మూడు వారాలు" అన్న మాట పట్టుకుని 21 రోజులకి తీశాడు. జూన్ 1, 2 రెండు రోజులూ గాలికి. లెటర్‌లో భాష దిద్దుతూ ఇది పట్టుకోలేం. లెటర్‌లో తేదీని కాగితంలో తేదీ పక్కన పెట్టి చూస్తేనే కనబడుతుంది. పాలసీ తేదీలు మార్పించడానికి మర్నాడు ఒక గంట పట్టింది.

అయితే అన్ని కాగితాల మీదా ఒకే తేదీలు ఉండాలని కాదు. పిన్ని సెలవు మే 10 నుంచి జూన్ 5. ప్రయాణం దానిలోపల హాయిగా ఇమిడిపోతుంది, అది సరే. ఇన్సూరెన్స్ ఒకటి రెండు రోజులు ఎక్కువున్నా సరే. ప్రయాణానికి చుట్టూ ఉండే కాగితాలు పెద్దవి కావచ్చు, చిన్నవి కాకూడదు. ప్రయాణాన్నే చెప్పే కాగితాలు, అంటే ఫారం, లెటర్, ఇన్విటేషన్, టికెట్, ఇవి మాత్రం ఒక్క రోజు కూడా అటూ ఇటూ ఉండకూడదు. ఇంకో చిన్న జాగ్రత్త: లెటర్‌లో తేదీలు 02/06 అని అంకెల్లో రాయకుండా నెల పేరు రాయడం మంచిది. కొన్ని వెబ్‌సైట్లు అమెరికా పద్ధతిలో నెల ముందు వేస్తాయి. అప్పుడు జూన్ 2 కాస్తా ఫిబ్రవరి 6 అయిపోతుంది.

తర్వాత డబ్బు దగ్గర ఆగాను. పిన్ని లెటర్‌లో "ఖర్చులన్నీ నేనే పెట్టుకుంటాను" అని ఉంది. చెల్లి ఇన్విటేషన్‌లో "అమ్మ ఖర్చులన్నీ నేనే పెట్టుకుంటాను" అని ఉంది. మన ఇళ్లలో బిల్లు దగ్గర ఇద్దరూ ఇలాగే కొట్టుకుంటారు కదా, చూడముచ్చటగా ఉంటుంది. ఫైల్లో మాత్రం ఇద్దరిలో ఒకరిది అబద్ధంలా కనిపిస్తుంది. అసలు నిజం ఏంటని ఇద్దర్నీ కాన్ఫరెన్స్ కాల్‌లో పెట్టి అడిగితే తేలింది: టికెట్, ఇన్సూరెన్స్, చేతిఖర్చు పిన్నివి. ఉండడం, తిండి, ప్యారిస్ హోటల్ చెల్లివి. రెండు లెటర్లలోనూ అదే మాట, అదే వరసలో రాయించాను.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మార్చి 6న ఒకేసారి రెండు లక్షలు పడ్డాయి. నెలనెలా జీతం పడే అకౌంట్‌లో అంత మొత్తం హఠాత్తుగా కనిపిస్తే, వీసా కోసం ఎవరి దగ్గరో తెచ్చి వేశారేమో అనిపించే అవకాశం ఉంది. అది చీటీ పాడిన డబ్బు. రిజిస్టర్డ్ చిట్ కంపెనీ కాబట్టి రసీదు ఉంది. కవర్ లెటర్‌లో దీనికోసం ఒక వాక్యం కలిపి, రసీదు జత చేయించాను. కవర్ లెటర్ ఉన్నదే ఇందుకు అని నాకనిపిస్తుంది. కాగితాలు వాటంతట అవి చెప్పుకోలేని మాటని అది చెప్పాలి. కాగితం లేని మాటని మాత్రం ఎంత మంచి ఇంగ్లిష్‌లో రాసినా అది నిలబెట్టలేదు.

ఇదంతా అయ్యాక మిగిలింది ఒక్క పేరా. అది ట్రావెల్స్ ఆయనది కాదు, పూర్తిగా పిన్నిదే. "నా కూతురు అక్కడ ఒంటరిగా ఉంది. తనకి అక్కడ ఎవరూ లేరు. తనని చూడకుండా నేను బతకలేను." ఇంగ్లిష్‌లో వ్యాకరణం కూడా తప్పు లేదు, విచిత్రంగా. లెటర్ మొత్తంలో దిద్దక్కర్లేని పేరా అదొక్కటే.

దాన్నే తీసేయమన్నాను.

"ఎందుకూ? అది నిజమే కదే" అంది పిన్ని.

నిజమే. కానీ వీసా నిరాకరిస్తే ఇచ్చే ఫారంలో ముందే అచ్చేసి ఉండే కారణాలు కొన్ని ఉంటాయి. వెళ్లే ఉద్దేశం, అక్కడ ఉండే పరిస్థితులు సరిగా చూపలేదనేది ఒకటి. గడువులోగా తిరిగి వెళ్తారన్న దానిపై సందేహం ఉందనేది ఇంకొకటి. కూతురు ఒంటరిది, ఆమె లేకుండా బతకలేను అని ఒకమ్మ రాస్తే, చదివేవాళ్లకి వినిపించేది ప్రేమ ఒక్కటే కాదు. మరి తిరిగెలా వస్తుందీ అన్న ప్రశ్న కూడా వినిపిస్తుంది. ఆమె వెళ్లడానికి ఉన్న కారణం ఎంత బలంగా రాస్తే, తిరిగి రావడానికి ఉన్న కారణం అంత పలచబడుతుంది.

పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నేనెందుకు పోతన్నానో ఎక్కడ రాసినట్టు?" అంది.

ట్రావెల్స్ ఆయన దీనికి ఇంకో ఉపాయం చెప్పాడట. కూతురి ఊసే ఎత్తకుండా "టూరిజం" అని టిక్ పెట్టి, అన్ని రోజులకీ హోటల్ బుకింగ్‌లు చూపిద్దాం, పనైపోయాక క్యాన్సిల్ చేసుకోవచ్చు అని. అది అసలొద్దన్నాను. ఫారంలోనే బంధువులని చూడ్డానికి అనే గడి ఉంది. ఉన్న నిజానికి గడి ఉన్నప్పుడు లేని టూరు కట్టడం దేనికి? చెల్లి ఇంటికెళ్లి, హోటల్‌లో ఉన్నామని చెప్పుకుంటూ తిరగడం ఏం సుఖం?

చివరికి ఆ పేరా ఇలా మారింది: "నా కూతురు 2022 నుంచి మ్యూనిక్‌లో ఉంటోంది. చదువు పూర్తి చేసి అక్కడే ఉద్యోగం చేస్తోంది. నేను తనని చూసి మూడేళ్లు దాటింది. ఈ సెలవులో తన దగ్గర ఉండి, తను ఉండే ఊరు చూడాలనుకుంటున్నాను." ఆ వెంటనే ఇంకో పేరా: "ఒంగోలులో నా భర్త, 84 ఏళ్ల మా అత్తగారు ఉన్నారు. ఆమెని చూసుకునేది నేనే. నేను లేని రోజుల్లో మా ఆడపడుచు వచ్చి ఉంటుంది. జూన్ 6న నేను విధుల్లో చేరాలి."

ఫోన్‌లో చదివి వినిపించాను. "మూడేళ్లు దాటింది" దగ్గర పిన్ని గొంతు సవరించుకుంది. "అంతే చాల్లే. అందులోనే ఉంది" అంది. బతకలేను అన్న మాట తీసేస్తే ఆ మాట పోలేదు. సంఖ్యలోకి వెళ్లి కూర్చుంది.

మొత్తం లెటర్ ఒక్క పేజీలోకి వచ్చింది. ఎవరు, ఎక్కడికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అనేవి మొదటి రెండు వాక్యాల్లోనే. తర్వాత ఎందుకు, ఎక్కడ ఉంటుంది, ఎవరు ఖర్చు పెడతారు, ఎందుకు తిరిగొస్తుంది, జతచేసిన కాగితాల లిస్టు. "మీ దయతో", "వినమ్రంగా ప్రార్థిస్తున్నాను" లాంటివన్నీ పోయాయి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. పిన్నికి అప్పటికి ఆరు వారాల టైముంది కాబట్టి, ఫారం మళ్లీ నింపి, సరిచేసిన ఇన్సూరెన్స్‌తో ఫైలు ఇచ్చింది.

వీసా వచ్చింది. లెటర్ వల్లే వచ్చిందని నేను చెప్పను. ఉద్యోగం, సెలవు, కూతురి కాగితాలు, అన్నీ గట్టివే. లెటర్ చేసిందల్లా వాటి మధ్య గొడవ లేకుండా చూడడమే.

పాస్‌పోర్ట్ వచ్చిన రోజు స్టిక్కర్ ఫొటో పంపి పిన్ని ఫోన్ చేసింది. గొంతులో సంబరం. "ఏమే, జూన్ 17 దాకా ఇచ్చారు! ఇంకో పదిహేను రోజులు ఉండొచ్చన్నమాట!"

ఫొటో పెద్దది చేసి చూశాను. చెల్లుబాటు మే 11 నుంచి జూన్ 17 వరకు. ఆ పదిహేను రోజులూ ప్రయాణం కాస్త అటూ ఇటూ జరిగితే పనికొస్తాయని కలిపేవి. ఎన్ని రోజులు ఉండొచ్చో చెప్పే గడి వేరే ఉంటుంది. అందులో 23 అని ఉంది. ఏ రోజు దిగినా, దిగిన రోజు నుంచి లెక్కేసి 23 దాటకూడదు. జూన్ 17 దాకా ఉంటే అది ఓవర్‌స్టే. పైగా 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో రాకపోకలని కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి దశలవారీగా మొదలైంది. స్టాంపులు తిరగేసి లెక్కపెట్టాల్సిన పని లేకుండా మిషనే లెక్క చెప్పేస్తుంది.

చెప్పాక పిన్ని ఒక్క క్షణం ఆగి, "23 అంటే దిగిన రోజు కూడా కలిపేగా?" అంది.

"కలిపే."

"పోయే రోజు కూడా?"

"అది కూడా."

"అయితే 11 తెల్లవారుజామున ఎక్కుతున్నాగా, పొద్దున్నే దిగుతా. ఆ రోజు మొత్తం నాదే" అంది.

పదో తారీఖు రాత్రి అనలేదు.